డోడా మానడానికి ఏది మేలు: ఒక్కసారిగా ఆపడమా, తగ్గిస్తూ పోవడమా, నాలుక కింది మాత్రా?

గాజువాక ఆటోనగర్‌లో ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో లెక్కలు రాస్తాను. మా అక్క భర్త లారీ డ్రైవరు. విశాఖ నుంచి ఇనుము లోడుతో రాజస్థాన్ వైపు వెళ్లి, పాలరాయి లోడుతో తిరిగి వచ్చేవాడు. పన్నెండేళ్లు డోడా తాగాడు. దాన్ని మానడానికి మూడు దారులు ప్రయత్నించాడు. ఆ మూడింటినీ దగ్గర నుంచి చూశాను కాబట్టి రాస్తున్నాను.

డోడా అంటే గసగసాల కాయ తొక్క. చిత్తోడ్‌గఢ్, నీమచ్, మంద్‌సౌర్ ప్రాంతాల్లో ప్రభుత్వ లైసెన్సుతో గసగసాల పంట వేస్తారు. పచ్చికాయకు గాట్లు పెట్టి, కారిన పాలను నల్లమందుగా ప్రభుత్వానికి అప్పగిస్తారు. మిగిలిన ఎండు తొక్కే డోడా. పంజాబ్ వైపు భుక్కీ అంటారు. రాజస్థాన్‌లో ఒకప్పుడు దీనికి లైసెన్సు దుకాణాలే ఉండేవి. అవి మూతపడ్డాక దాబాల వెనక చాటుగా దొరుకుతోంది. (మన కుర్మాలో వేసే గసగసాలతో దీనికి పోలిక లేదు. చట్టం కూడా గింజను వదిలి తొక్కనే పట్టుకుంది.)

బావ వాదన ఎప్పుడూ ఒకటే: "నేను నల్లమందు ముట్టను, ఇది కషాయమే కదా." పసిపిల్లలు నిద్రపోవడానికీ, విరేచనాలు కట్టడానికీ ఆవగింజంత అభిని నాకించిన తరం వాళ్ల మాటలు వింటూ పెరిగినవాడికి అలా అనిపించడంలో వింత లేదు. కానీ నల్లమందుకు మత్తునిచ్చే మార్ఫిన్, గాటు పెట్టినా కాయలోంచి పూర్తిగా పోదు. తొక్క నీళ్లలోకి దిగేదీ ఆ మార్ఫినే. కషాయంలో పలచగా ఉండవచ్చు గాని, రోజూ రెండు మూడు గ్లాసులు ఏళ్ల తరబడి తాగే ఒంటికి ఆ తేడా తెలియదు. అందుకే తొక్క మేలా, నల్లమందు మేలా అన్న పోలికను ఇక్కడితో వదిలేస్తాను.

బావ మొదట ఎంచుకున్నది మొండి దారి. శనివారం రాత్రి తొమ్మిదికి చివరి గ్లాసు తాగి, ఇక ముట్టనని అక్క చేతిలో చెయ్యి వేశాడు. ఆదివారం ఉదయానికి ఆగకుండా ఆవులింతలు, కళ్ల వెంట, ముక్కు వెంట నీళ్లు. జలుబు చేసిందనుకుంది అక్క. సాయంత్రానికి వైశాఖపు ఉక్కపోతలో ఒళ్లంతా రోమాలు నిక్కబొడుచుకున్నాయి, నడుమూ కాళ్లూ లాగడం మొదలైంది. సోమవారం రాత్రికి వాంతులు, నీళ్ల విరేచనాలు. క్షణం నిద్ర లేదు. మంచం మీద కాళ్లు వాటంతట అవే తన్నుకున్నాయి. మంగళవారం తెల్లవారుజామున లారీ సీటు కింద దాచిన పొట్లం తెచ్చి తాగాడు. గంట తిరక్కుండా లేచి కూర్చుని అన్నం అడిగాడు.

మానడం ఎందుకంత కష్టమో ఆ గంటే చెబుతుంది. డ్రైవరు భాషలో చెప్పాలంటే మార్ఫిన్ బ్రేకు వంటిది. పేగుల కదలికను, ఊపిరిని, మెలకువను అది తొక్కి పట్టి ఉంచుతుంది. బండి ఆగిపోకుండా మెదడు ఏళ్ల తరబడి ఆక్సిలరేటర్ మరింత తొక్కుతూ వస్తుంది. బ్రేకు మీది కాలు ఒక్కసారిగా తీస్తే బండి దూకుతుంది. మలబద్ధకం విరేచనమవుతుంది, మత్తు పోయి నిద్ర రాని రాత్రులు వస్తాయి. మార్ఫిన్ విషయంలో ఈ బాధ రెండో రోజుకీ మూడో రోజుకీ మధ్య శిఖరానికి చేరి, సాధారణంగా వారం పది రోజుల్లో దిగుతుంది. బావ లొంగిపోయింది సరిగ్గా ఆ శిఖరం మీదే. అప్పుడు తాగిన గ్లాసు ఇచ్చే ఉపశమనం అంతకుముందు ఏ మత్తూ ఇచ్చి ఉండదు. దాన్ని మనసు మరిచిపోదు.

ఒంట్లో నీరు తగ్గకుండా చూసుకుంటే ఆరోగ్యవంతుడికి ఆ వారం సాధారణంగా ప్రాణాంతకం కాదు. ప్రమాదం ఆ తర్వాత ఉంది. కొన్ని రోజులు మానగానే ఒంటికి ఉన్న ఓర్పు వేగంగా పడిపోతుంది. నిద్ర పట్టకపోవడం, దిగులు మాత్రం వారాల తరబడి మిగులుతాయి. వాటికి తాళలేక నెల తర్వాత పాత మోతాదే తాగితే ఊపిరి ఆగిపోవచ్చు.

రెండోసారి తగ్గిస్తూ పోదామన్నాడు. ఈ ఉపాయం నాదే, ఒప్పుకుంటాను. వంటింటి త్రాసు మీద పొట్లం తూచి, వారానికి పదోవంతు చొప్పున తగ్గిస్తూ ఒక పట్టిక గీసి ఇచ్చాను. నా పట్టికలో తప్పు లేదు, తూచిన సరుకులోనే ఉంది. తొక్కలో మార్ఫిన్ చేనుకో తీరుగా, కోతకో తీరుగా ఉంటుంది. నాలుగో వారం కొత్త పొట్లం తెచ్చాడు. త్రాసు తక్కువ చూపించింది, మనిషి మాత్రం మధ్యాహ్నం దాకా తూగుతూ కూర్చున్నాడు. ఆ తర్వాతి పొట్లం చప్పగా ఉంటే, ఆదివారం నాటి ఆవులింతలు తిరిగొచ్చాయి. బలం తెలియని మందును గ్రాముల్లో తగ్గించడమంటే కొలత గీతలు లేని సీసాతో టానిక్కు పోయడమే. పైగా తగ్గించడానికైనా కొనాలి, కొనడానికి ఆ దాబాకే వెళ్లాలి. కిలో లోపు దొరికినా చట్టం కింద నేరమే.

మూడోది బుప్రెనార్ఫిన్ అనే నాలుక కింది మాత్ర. మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లడానికి బావ ఆరు నెలలు సిగ్గుపడ్డాడు. ఈ మాత్ర కూడా మార్ఫిన్ కూర్చునే చోటే కూర్చుంటుంది, ఇంకా గట్టిగా పట్టుకుంటుంది, కానీ సగం పనే చేస్తుంది. అందువల్ల బాధను ఆపుతుంది గాని, మోతాదు పెంచినా ఊపిరిని ఒక హద్దు దాటి అణచదు. ఆ సుగుణమే మొదటి రోజున చిక్కు తెస్తుంది. ఒంట్లో మార్ఫిన్ నిండుగా ఉండగా వేస్తే దాన్ని గెంటేసి, మూడు రోజుల బాధను ఒక్క గంటలో మీద పడేస్తుంది. అందుకే చివరి గ్లాసు తర్వాత కనీసం పన్నెండు గంటలు ఆగి రమ్మన్నారు. నాడి చూశారు, కంటిపాపలు పెద్దవయ్యాయా, చెమట పడుతోందా, రోమాలు నిక్కబొడుచుకున్నాయా అని చూశారు. బాధ మొదలైందని తేలాకే 2 మిల్లీగ్రాముల మాత్ర నాలుక కింద పెట్టారు. మింగితే చాలామటుకు వృథా, కరిగేదాకా నోరు మెదపకూడదు. గంటన్నర కూర్చోబెట్టి, సరిపోలేదని చూసి ఇంకొకటి ఇచ్చారు. ఆ రాత్రి బావ ఆరు గంటలు నిద్రపోయాడు.

దీనికీ లోపాలున్నాయి. మొదట్లో రోజూ వెళ్లి మాత్ర వేయించుకోవాలి, దూరప్రయాణాల డ్రైవరుకు అది కూటి ప్రశ్న. మోతాదు కుదిరేదాకా స్టీరింగు పట్టుకోవద్దన్నారు. మలబద్ధకం పూర్తిగా పోదు. మద్యంతో గాని, నిద్రమాత్రలతో గాని కలిస్తే ఊపిరి విషయంలో పైన చెప్పిన హద్దు నిలవదు. చటుక్కున ఆపితే బాధ మళ్లీ వస్తుంది, కాకపోతే మెల్లగా వస్తుంది. "ఒక అలవాటు పోయి ఇంకో అలవాటు వచ్చింది, అంతేగా?" అని మా అమ్మ అడిగింది. అలవాటే. కాకపోతే దీని బలం పట్టీ మీద అచ్చయి ఉంటుంది, ఒక రోజంతా నిలుస్తుంది. గంటలు లెక్కపెట్టుకుంటూ పొట్లం కోసం తిరిగే మనిషికి ఆ ఒక రోజు చాలా పెద్దది. నా ఓటు దీనికే. ఇంటి దగ్గర మొండిగా ఆపడం కంటే, నేను గీసిన పట్టిక కంటే ఇదే మేలు.

పోలీసులకు పట్టిస్తారేమోనన్న భయంతోనే ఆ ఆరు నెలల్లో సగం గడిచింది. తక్కువ మొత్తం వాడకందారు స్వచ్ఛందంగా చికిత్సకు వస్తే విచారణ నుంచి రక్షణ కల్పించే 64ఎ సెక్షన్ మాదకద్రవ్యాల చట్టంలోనే ఉంది. ఊరూ పేరూ చెప్పకుండా ముందు ఫోనులో అడగదలచినవారికి కేంద్ర ప్రభుత్వ సహాయ సంఖ్య 14446.

ఇప్పుడు బావ పోర్టుకీ ఆటోనగర్‌కీ మధ్య బండి తోలుతున్నాడు, కిరాయి సగమే. మాత్ర ఎప్పుడు తగ్గిస్తారని పోయిన నెల డాక్టరును అడిగితే, తొందరేమిటని ఆయన అడిగారట. చిత్తోడ్‌గఢ్ లోడు వచ్చినప్పుడల్లా నేను ఆ కాగితం ఇంకో డ్రైవరు పేరు మీద రాస్తున్నాను. బావ చూస్తాడు, ఏమీ అనడు.