ఏడు వేల క్లెయిమా, 35 శాతం బోనసా?

పోయిన నెల మా వీధి మలుపులో కారు వెనక్కి తీస్తుంటే వెనక బంపర్ గేటు స్తంభానికి కొట్టుకుంది. బంపర్ చిట్లింది, ఎడమ వెనక తలుపు కూడా నొక్కుకుపోయింది. అదే రోజు యాప్‌లో క్లెయిమ్ పెట్టేశాను. మూడో రోజు ఇన్సూరెన్స్ కంపెనీకి ఈ మెయిల్ పంపాను. పంపింది ఇంగ్లీషులోనే, తెలుగులో దాదాపు ఇలా ఉంటుంది:

"అయ్యా, ఫలానా పాలసీ మీద నేను పెట్టిన ఫలానా నంబరు క్లెయిమ్‌ను నా ఇష్టపూర్వకంగా వెనక్కి తీసుకుంటున్నాను. రిపేరు ఇంకా మొదలవలేదు, మీ నుంచి వర్క్‌షాపుకు గానీ నాకు గానీ డబ్బు ఏదీ అందలేదు. ఈ ఘటనలో వేరేవాళ్లకు, వాళ్ల ఆస్తికి ఎలాంటి నష్టం జరగలేదు. నష్టం చిన్నది కాబట్టి ఖర్చు నేనే భరిస్తాను, నో క్లెయిమ్ బోనస్ కాపాడుకోవాలన్నదే కారణం. క్లెయిమ్‌ను చెల్లింపు లేకుండా మూసేసినట్టు, రెన్యువల్‌లో నా బోనస్ కొనసాగుతుందని రాతపూర్వకంగా తెలియజేయగలరు."

ఈ బోనస్ అంటే క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో దొరికే తగ్గింపు. ఆ మూడు రోజుల్లో నేను వేసిన లెక్క ఇది.

వర్క్‌షాపు ఎస్టిమేట్ 10,500. కొత్త బంపర్ 3,600, డెంటింగ్ 1,500, పెయింటింగ్ 5,400. ఇందులో నాకు వచ్చేదెంతో చూస్తే ఉత్సాహం సగం చచ్చిపోయింది. బంపర్ ప్లాస్టిక్ కాబట్టి సగం తరుగుదల, 1,800 పోయింది. పెయింటింగ్ బిల్లులో పావు వంతును రంగు ఖరీదుగా లెక్కగట్టి అందులో సగం కోస్తారు, అది 675. 1500 సీసీ లోపు కార్లకు ప్రతి క్లెయిమ్‌లోనూ మనం భరించాల్సిన 1,000 ఎలాగూ ఉంది. మిగిలింది 7,025.

ఇప్పుడు పోయేది చూడండి. నాకిప్పుడు 35 శాతం బోనస్ ఉంది. క్లెయిమ్ లేకపోతే వచ్చే రెన్యువల్‌లో 45, ఆపై ఏడాది 50, అదే గరిష్ఠం. క్లెయిమ్ తీసుకుంటే సున్నా నుంచి మొదలు: 0, 20, 25, 35, 45. చాలామంది ఒక్క ఏడాది తగ్గింపే పోతుందనుకుంటారు, అక్కడే లెక్క తప్పుతుంది. నిజానికి ఐదేళ్లు వెనకబడతాం.

ఒక జాగ్రత్త. ఈ శాతం మొత్తం ప్రీమియం మీద కాదు, మన బండి నష్టానికి కట్టే భాగం మీదే. థర్డ్ పార్టీ భాగానికి బోనస్ వర్తించదు. నా కారుకు బోనస్ తీయకముందు ఈ సొంత నష్టం భాగం వచ్చే ఏడాది 8,000 అవుతుందని, కారు పాతబడేకొద్దీ ఏటా కొంచెం తగ్గి ఐదో ఏడాదికి 5,300కు వస్తుందని అనుకున్నాను. మొదటి ఏడాదే 3,600 నష్టం, రెండో ఏడాది 2,160. ఐదేళ్లూ కలిపి 18 శాతం జీఎస్టీ వేస్తే 10,071. ఏడు వేల కోసం పది వేలు వదులుకోవడం. పైగా సొంత ఖర్చు అనేసరికి బాగా తెలిసిన డెంటర్ దగ్గరికి వెళ్లాను. బంపర్ మార్చకుండా అతికించి, రంగు వేసి 6,200కు ముగించాడు. దగ్గరగా చూస్తే అతుకు కనిపిస్తుంది, నాకేం ఫర్వాలేదు.

అయితే నా లెక్కలో ఒక లొసుగుంది. వచ్చే రెండేళ్లలో పెద్ద దెబ్బ తగిలి ఎలాగూ క్లెయిమ్ చేయాల్సివస్తే ఇప్పుడు కాపాడుకున్న బోనస్ అప్పుడు పోతుంది. రోజూ హైవే మీద తిరిగేవాళ్లు ఐదేళ్ల లెక్క వేసుకోవడం అత్యాశే, రెండేళ్లకు చూసుకుంటే చాలు. రెండేళ్లకైతే నా నష్టం కూడా సుమారు 6,800 మాత్రమే, అంటే క్లెయిమ్‌కు దాదాపు సమానం. నేను కారు వారానికి రెండుసార్లు తీస్తాను, అందుకే ధైర్యం చేశాను.

మా బావమరిది విషయంలో సమాధానం తిరగబడింది. వాడిది కొత్త కారు, పాలసీ మొదటి ఏడాది, బంపర్ టు బంపర్ కవర్ ఉంది. ముందు భాగం దెబ్బతిని బిల్లు 28,000 అయింది. తరుగుదల కోత లేదు, చేతికి 27,000 దాకా వస్తుంది. బోనస్ ఇంకా మొదలే కాలేదు, క్లెయిమ్ చేస్తే ఒక మెట్టు ఆలస్యమవుతుంది అంతే. "బావా, నువ్వు చేశావు కదా, నేనూ విత్‌డ్రా చేసేస్తా" అన్నాడు. వద్దని గట్టిగా చెప్పాను.

మెయిల్ పంపాలనుకుంటే రిపేరు మొదలయ్యేలోపే పంపాలి. కంపెనీ వర్క్‌షాపుకు డబ్బు కట్టేశాక విత్‌డ్రా అన్న మాటకు అర్థం ఉండదు. ఎదుటి మనిషికి గాని బండికి గాని దెబ్బ తగిలితే ఈ ఆలోచనే వద్దు, కంపెనీకి చెప్పి తీరాలి. కస్టమర్ కేర్‌లో నోటిమాటగా "క్లోజ్ చేశాం సార్" అంటే నమ్మి వదిలేయకండి. నాకు మెయిల్‌కు జవాబు రావడానికి నాలుగు రోజులు పట్టింది, దాన్ని పాలసీ కాగితాలతో కలిపి పెట్టుకున్నాను. రెన్యువల్ నోటీసు వచ్చినప్పుడు అందులో 45 కనిపించకపోతే ఆ మెయిలే చూపిస్తాను. గడువు దాటాక 90 రోజుల్లోపు రెన్యువల్ చేయకపోతే మాత్రం ఇంత చేసి కాపాడుకున్న బోనస్ దానంతటదే పోతుంది, అందుకే ఫోన్‌లో రిమైండర్ కూడా పెట్టుకున్నాను.