ఉడకబెట్టని కాబూలీ శనగలతో ఫలాఫెల్: మూడేళ్లు వండాక నా అభిప్రాయం

కువైట్‌కి వచ్చిన కొత్తలో ఫలాఫెల్, అంటే అరబ్బుల శనగ వడలు, బయట కొనుక్కుని తినేవాణ్ని. ఇంట్లో చేయడం మొదలుపెట్టి మూడేళ్లయింది. దాదాపు ప్రతి శుక్రవారం చేస్తున్నాను కాబట్టి ఈ పద్ధతి గురించి ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను. శనగలు నానబెట్టాలి, ఉడకబెట్టకూడదు. మిగతావన్నీ దీని తర్వాతే.

మొదట్లో డబ్బాలో వచ్చే ఉడికిన శనగలు వాడాను. ఉండ చేతిలో చక్కగా నిలిచేది, నూనెలో పడగానే విచ్చిపోయేది. అమ్మకి ఫోన్లో చెబితే, "మసాలా వడకి పప్పు ఉడకబెడతామేంట్రా? నానబెట్టి రుబ్బుతాం కదా" అంది. సరిగ్గా అదే కారణం. ఉడికిన శనగలో పిండిపదార్థం అప్పటికే నీళ్లు పీల్చుకుని ఉబ్బిపోయి ఉంటుంది. నానిన శనగలో అది ఇంకా పచ్చిగానే ఉండి, నూనె వేడికి ఉడుకుతూ పలుకునీ పలుకునీ అతికిస్తుంది. పాలస్తీనా, లెబనాన్ వంటిళ్లలో చేసేది ఇలాగే. ఈజిప్టు వాళ్లు చేసే తామియాకి శనగల బదులు బాకలా అనే పెద్ద చిక్కుడు రకం గింజలు వాడతారు, వాటినీ నానబెట్టి పచ్చిగానే రుబ్బుతారు.

పావుకిలో ఎండు శనగలు నానితే అరకిలో దాకా అవుతాయి. నేను 18 నుంచి 24 గంటలు నానబెడతాను. ఇక్కడి ఎండల్లో గిన్నె బయట ఉంచితే పులిసిపోతుంది, అందుకే ఫ్రిజ్‌లో పెడతాను. ఒక గింజను గోటితో చీల్చి చూస్తే మధ్యలో పొడిగా, తెల్లగా కనబడకూడదు.

తర్వాత నీళ్లు వంచి, గుడ్డ మీద పరిచి అరగంట ఆరనివ్వాలి. చిన్న ఉల్లిపాయ, నాలుగు వెల్లుల్లి రేకలు, కొత్తిమీర, పార్స్లీ, జీలకర్ర, ధనియాలు, ఉప్పు వేసి మిక్సీని ఆపి ఆపి తిప్పాలి. చుక్క నీళ్లు కూడా పోయకూడదు. పిండి బొంబాయి రవ్వ కన్నా కాస్త ముతకగా ఉండాలి. పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, వేళ్ల మధ్య తడి ఊరకూడదు.

ఈ తడి సంగతి నాకు బాగా తెలిసొచ్చింది పోయినేడాది రంజాన్‌లో. ఇఫ్తార్‌కి ఎనిమిది మందిని పిలిచాను. మొదటి వాయి నాలుగూ నూనెలో విచ్చిపోయి, బూందీలా తేలాయి. నూనె నిండా నురగ. టెన్షన్ పడుతూ స్టవ్ ఆపి, పిండిని పిడికిట పట్టి నొక్కితే నీళ్లు కారాయి. ఆకుకూర కడిగి, ఆరనివ్వకుండా వేశానన్నమాట. పిండి మొత్తాన్ని పలచటి గుడ్డలో మూటగట్టి పిండాను. అందులో పావువంతు తీసి ఇంకాస్త మెత్తగా తిప్పి మళ్లీ కలిపాను. ఆ మెత్తటి పిండే మిగతా పలుకుల్ని పట్టి ఉంచే జిగురు. అరగంట ఫ్రిజ్‌లో పెట్టి, ముందు ఒక్కటే వేసి చూశాను, నిలిచింది. అప్పటి నుంచి ఆ ఒక్కటీ వేసి చూడకుండా వాయి వేయను. శనగపిండి కలిపినా విడిపోవడం ఆగుతుంది కానీ, రెండు చెంచాలు దాటితే లోపల ముద్దగా అవుతుంది. వంటసోడా ఈ కొలతకి అర చెంచా, అదీ వేయించే ముందే. సోడా ఎక్కువైతే గుల్లబారి విడిపోతాయి.

నూనె వేడి 175 నుంచి 180 డిగ్రీల మధ్య ఉండాలి. వేడి చాలకపోతే పైన పెచ్చు కట్టేలోపే ఉండ కరుగుతుంది, నూనె పీలుస్తుంది. మరీ కాగితే పైన నల్లబడి లోపల పచ్చి వాసన వస్తుంది. థర్మామీటర్ కొనక ముందు చిటికెడు పిండి వేసి చూసేవాణ్ని. అది మునిగి వెంటనే బుడగలతో పైకి తేలితే సరే. అడుగునే ఉండిపోతే ఇంకా కాగాలి. వేసీ వేయగానే రంగు మారితే మంట తగ్గించాలి. వాయికి నాలుగైదు మించి వేస్తే వేడి ఒక్కసారిగా పడిపోతుంది. వేశాక ఒక నిమిషం గరిటె తగలనివ్వకూడదు. పెచ్చు కట్టకముందే కదిపితే ఎంత మంచి పిండైనా విరుగుతుంది. నాలుగు నిమిషాల్లో ముదురు గోధుమ రంగుకి వస్తాయి. విరిస్తే లోపల ఆకుపచ్చగా, పొడిపొడిగా, ఆవిరి కక్కుతూ ఉంటుంది.

ఫలాఫెల్ వేసే అచ్చు ఇక్కడి బజార్లో దొరికింది, మీట నొక్కి వదిలితే బిళ్ల జారే రకం. అన్నీ ఒకే మందంలో రావడం వల్ల అన్నీ ఒకేసారి వేగుతాయి, అందుకు అది నాకు నచ్చింది. కాకపోతే అందులో పిండిని గట్టిగా కూరకూడదు, కూరితే లోపల బిరుసుగా వస్తుంది.

ఈ పద్ధతిలో ఒక్కటే లోటు. వేయించినవి గంట దాటితే కరకర తగ్గుతుంది, మళ్లీ వేడి చేసినా మునుపటిలా రాదు. అందుకే మిగిలేలా ఉంటే సోడా కలపని పిండిని ముందే తీసి ఫ్రీజర్‌లో పెడతాను. కరిగాక ఊరిన నీళ్లు పిండేసి వేస్తే బాగానే వస్తున్నాయి.