గద్వాల చీర: గొట్టానికి చుట్టాలా, మెత్త పెట్టి మడవాలా?

మా అమ్మమ్మ గద్వాల చీర ఇరవై ఏళ్లు బీరువాలో ఒకే మడతలో ఉంది. విప్పితే కొంగు మడత గీత వెంట జరీ విరిగి, పట్టు చీలింది. పాత జరీ అంటే పట్టుదారానికి చుట్టిన సన్నని వెండి రేకు. ఒకే చోట నలిగితే అది విరుగుతుంది, దాని అంచు పక్క దారాలను కోస్తుంది.

చుడితే మడతే ఉండదు కాబట్టి, బలహీనపడిన చీరకు నా ఓటు దీనికే. నాలుగు అంగుళాల లావు, చీర వెడల్పు కన్నా పొడవున్న అట్ట గొట్టం కావాలి. అట్టలోని ఆమ్లం తగలకుండా దానికి అల్యూమినియం ఫాయిల్, పైన గంజి లేకుండా ఉతికిన నూలు గుడ్డ చుట్టాలి. చీర ముఖం బయటికి ఉండాలి. గద్వాలలో ఒక చిక్కుంది: జరీ అంచులు మందం, నడిమి నూలు పలుచన. అంచులు ఎత్తుగా పేరుకుని నడుమ ముడతలు పడతాయి. అందుకే చుట్టేటప్పుడు నడిమి భాగంలో మాత్రమే అదనంగా మెత్తని గుడ్డ పరుస్తూ పోవాలి.

గొట్టం బీరువాలో పట్టకపోతే మడత తప్పదు. అప్పుడు ప్రతి మడతలో గుడ్డను బొటనవేలంత లావుగా చుట్టి పెడితే గీత పడదు. దారం గట్టిగా ఉన్న చీరకైతే ఆర్నెల్లకోసారి మడత చోటు మార్చండి. గీత మీద పొడిలా రాలుతుంటే మాత్రం మార్చొద్దు, ఆ కదలికకే ఇంకా చీలుతుంది. ఇస్త్రీ అసలే వద్దు.

ప్రదర్శనకైనా దండెం మీద వేయకండి. బరువంతా ఆ ఒక్క గీత మీదే పడుతుంది. గుడ్డ పరిచిన ఏటవాలు బల్ల మీద, ఎండ తగలని చోట పరచండి.