“రోజుకు 13 రూపాయలే” అని చూసి వాటర్ ప్యూరిఫయర్ అద్దెకు తీసుకుంటున్నారా? ఆగండి

బెంగళూరులో మారతహళ్లి, కేఆర్ పురం వైపు ఉన్నవాళ్లందరికీ ఈ యాడ్ వచ్చే ఉంటుంది. నేనూ అదే చూసి తీసుకున్నాను. పదమూడు ముప్పైలు 390, నెలకు అంతేగా అనుకున్నాను. అదే నేను చేసిన తప్పు.

నిన్న సాయంత్రం నెల్లూరు నుంచి అత్తయ్యగారు వచ్చారు. బియ్యం కడిగి ఎసరుకి గిన్నె పెడితే మిషన్‌లో ఎర్ర లైటు వెలిగి నీళ్లు ఆగిపోయాయి. పెట్టించి పదిహేడు రోజులే అయింది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను.

“మీ 200 లీటర్లు అయిపోయాయి మేడమ్, రీచార్జ్ చేసుకోండి.”

“రోజుకు 13 అన్నారు కదా?”

“అది ఏడాది డబ్బు ఒకేసారి కట్టినవాళ్లకి. కింద రాసి ఉంది, చదువుకోలేదా?”

చదువుకోలేదా అట! ఆ మాట రాత్రంతా నిద్ర పట్టనివ్వలేదు. యాడ్ మళ్లీ తీసి చూశాను. 13 పక్కన చిన్న చుక్క గుర్తు, అడుగున బూడిద రంగులో ఒక లైను. ఫోన్‌లో వేళ్లతో పెద్దది చేస్తే తప్ప కనపడదు.

నేను కట్టింది నెల ప్లాన్, 499. దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 588.82. వాళ్ల నెల అంటే 28 రోజులు, అంటే ఏడాదికి పదమూడు సార్లు కట్టాలి. ఆ లెక్కన రోజుకు 21 రూపాయలు. అదీ రోజుకు ఏడు లీటర్లతో సరిపెట్టుకుంటేనే. మేం నలుగురం. తాగడానికి, వంటకి కలిపి 12 లీటర్లు కావాలి. లీటరు 2.94 చొప్పున మాకు రోజుకు పడింది 35 రూపాయలు. 1,500 డిపాజిట్ తిరిగి ఇస్తామన్నారు కాబట్టి ఇందులో కలపలేదు.

పోనీ ఏడాదికి కట్టినా 13 రాదు. 365 రోజులకు 4,745, జీఎస్టీతో 5,599.10. రోజుకు 15.34. అంటే యాడ్‌లో చెప్పిన ధరకి ఆ మిషన్ ఎవరికీ దొరకదు!

రోజు లెక్కలో చెప్పడం తప్పని నేను అనడం లేదు. “28 రోజులకు 200 లీటర్లు, పన్నుతో 588.82, అంటే రోజుకు 21.03” అని రాయడానికి ఎంత చోటు కావాలి? ఒక్క లైను. అలా రాసి ఉంటే మా ఇంటికి సరిపోదని అప్పుడే తెలిసేది.

తీసుకునేవాళ్లు ముందు మీ ఇంట్లో రోజుకు ఎన్ని బిందెలు వాడతారో చూసుకోండి. పన్నుతో కలిపి ఎంత కట్టాలి, ఎన్ని రోజులకు, ఎన్ని లీటర్లకు, ఈ మూడూ మెసేజ్‌లో రాయించుకోండి. నేను యాడ్ స్క్రీన్‌షాట్, బిల్లు పెట్టుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తున్నాను. మీ దగ్గరా ఆ స్క్రీన్‌షాట్ ఉంటే తీసేయకండి.