పంపే ముందు చివరి చూపు: ఒక్కరే చూసుకోవడమా, ఇద్దరు కూర్చుని చదవడమా?

చీమకుర్తిలోని ఒక గ్రానైట్ ఫ్యాక్టరీ నుంచి హైదరాబాద్ బిల్డర్‌కి తెలుగులో కొటేషన్ వెళ్లాలనుకుందాం. గెలాక్సీ పాలిష్ పలకలు 42. ఒక్కోటి 9 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు. చదరపు అడుగు 185 రూపాయలు. మెయిల్ పంపే ముందు రాసినవారే తెర మీద మరోసారి చూసుకోవచ్చు. లేదంటే ఒకరు పైకి చదువుతుంటే, ఇంకొకరు లెక్క కాగితం పట్టుకుని సరిచూడొచ్చు.

అంకెల దగ్గర ఇద్దరుండటమే మేలు. పలకకు 54 చదరపు అడుగుల చొప్పున మొత్తం 2,268 కావాలి. టైపులో 2,286 పడితే రాసినవారి కంటికి అది ఆనదు. ఎందుకంటే వారు తెర మీదున్నది కాక మనసులో ఉన్నదే చదువుతారు. చదివేవారు కూడా గబగబా చదవకుండా "రెండు, రెండు, ఆరు, ఎనిమిది" అని విడదీసి పలకాలి. ఆ ఒక్క తప్పుతో, అసలు ధర 4,19,580 రూపాయలైతే మెయిల్లో 4,22,910 కనిపిస్తుంది. తేడా 3,330. తేడా 9తో శేషం లేకుండా పోతే, ఎక్కడో రెండు అంకెలు తారుమారయ్యాయేమోనని ముందు వెతకాలి. ప్రతిసారీ అదే కారణం కాకపోవచ్చు కానీ, వెతుకులాట చాలా తగ్గుతుంది.

స్వరం తేల్చడానికీ పైకి చదవడమే మంచిది. "అడ్వాన్స్ పంపకపోతే లోడు చేయం" అన్న వాక్యం చెవిన పడగానే గుచ్చుకుంటుంది. "అడ్వాన్స్ జమ కాగానే లోడు చేస్తాం" అన్నా షరతు అదే, కానీ బెదిరింపు ఉండదు.

అక్షరదోషాల విషయానికొస్తే లెక్క తిరగబడుతుంది. "అర్ధభాగం ముందుగా చెల్లించాలి" అనాల్సిన చోట "అర్థభాగం" అని పడిందనుకోండి. మాటల్లో మనం ధ, థ తేడా పెద్దగా పలకం కాబట్టి వినేవారికి తప్పు తెలియదు. అర్ధం, అర్థం రెండూ సరైన మాటలే కాబట్టి స్పెల్‌చెక్ కూడా తరచూ వదిలేస్తుంది. దీన్ని ఒక్కరే, నిశ్శబ్దంగా, అక్షరాలు పెద్దవి చేసుకుని, ఒత్తుల మీదే దృష్టి పెట్టి చూడాలి. అర్థం చదవడం కోసం కాదు కాబట్టి చివరి వాక్యం నుంచి వెనక్కి రావడం నయం.

జతచేసిన ఫైలును కంప్యూటర్ ఫోల్డర్లోంచి కాదు, మెయిల్ డ్రాఫ్టులోంచే తెరవాలి. ఫోల్డర్లో కొత్తది ఉండి, మెయిల్‌కి పాతది తగులుకోవడం మామూలే. అను ఫాంట్లలో టైపు చేసిన వర్డ్ ఫైలైతే అవతల ఆ ఫాంటు లేనప్పుడు చెత్త అక్షరాలు కనిపిస్తాయి. అందుకే పీడీఎఫ్ చేసి పంపాలి.

పేర్ల పనికి ఒక్కరు చాలు. చిరునామా గడి చివరిదాకా ఖాళీగా ఉంచి, అన్నీ అయ్యాకే నింపాలి. రెండక్షరాలు కొట్టగానే జీమెయిల్ చూపే పేరు ఇంకో శ్రీనివాసరావుది కావచ్చు, పేరు కాక పూర్తి ఐడీ చూడాలి. సెట్టింగుల్లో Undo Send గడువును 30 సెకన్లకు పెంచుకోండి, అంతకు మించి జీమెయిల్ ఇవ్వదు.