పిడుగు దెబ్బకు 94 దగ్గర ఆగిపోయిన రౌటర్: మూడేళ్ల వాడకం తర్వాత

హన్మకొండలో మా ఇంట్లో ఈ గిగాబిట్ రౌటర్ కొని మూడేళ్లు దాటింది. మొదటి రెండేళ్ల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. 300 ఎంబీపీఎస్ ప్లాన్‌కి 290 దాకా వచ్చేది, అంతే.

నిరుడు మేలో గాలివాన రాత్రి దగ్గర్లోనే పిడుగు పడింది. కరెంటు పోయి వచ్చాక నెట్ కూడా వచ్చింది. మేడ మీది గదికి కేబుల్ వెళ్లే పోర్టు ఒక్కటే చచ్చిపోయింది. పోతే పోయిందిలే అనుకున్నాం. వారం తర్వాత గానీ గమనించలేదు, ఏ ఫోన్‌లో చూసినా, ఏ పూట చూసినా స్పీడ్ 94 దాటడం లేదు.

నెట్ అబ్బాయి వచ్చి ఫైబర్‌కి మీటర్ పెట్టాడు. మైనస్ 19 డీబీఎం. "సిగ్నల్ మంచిగనే ఉంది సార్, మీ ఫోన్లే పాతవి" అని వెళ్లిపోయాడు. సిగ్నల్ సంగతి నిజమే. కానీ లైన్ రద్దీ వల్లయితే స్పీడ్ పెరుగుతూ తగ్గుతూ ఉండాలి, గీత గీసినట్టు 94 దగ్గర ఆగదు. ఎక్కడో ఒక లింక్ 100కి పడిపోయిందన్నమాట. కేబుల్‌లో నాలుగు జతల తీగలుంటాయి. గిగాబిట్‌కి నాలుగూ కావాలి, 100కి రెండు చాలు. మిగిలిన రెంటిలో ఒక్క జత వైపు పోర్టు లోపల కాలినా నెట్ ఆగదు, 100కి దిగి నడుస్తుంది. ప్యాకెట్ల పైఖర్చు పోను చేతికొచ్చేది 94.

ముందు ఫైబర్ బాక్స్ నుంచి రౌటర్‌కి వచ్చే కేబుల్ మార్చాను, ఫలితం లేదు. అదే కేబుల్‌ని ఫైబర్ బాక్స్ నుంచి నేరుగా ల్యాప్‌టాప్‌కి పెట్టి, విండోస్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో చూశాను:

```
Link speed (Receive/Transmit): 1000/1000 (Mbps)
```

స్పీడ్ 290 వచ్చింది. అంటే బాక్స్, కేబుల్ రెండూ బాగున్నాయి, దెబ్బ తిన్నది బయటి నెట్ రౌటర్‌లోకి వచ్చే వ్యాన్ పోర్టు.

ఈ రౌటర్‌లో నాకు బాగా నచ్చింది ఇక్కడే. ఇంట్లోని పరికరాలకు నెట్ ఇచ్చే ల్యాన్ పోర్టుల్లో నాలుగోదాన్ని సెట్టింగ్స్‌లో వ్యాన్‌గా మార్చుకోవచ్చు. అన్ని రౌటర్లలో ఈ వీలుండదు. మార్చగానే పాత స్పీడ్ వచ్చేసింది. వారంటీ మాత్రం దండగ, పిడుగు దెబ్బకు వర్తించదని కార్డులోనే ఉంది.

తప్పు నాదీ ఉంది. ఒక్కసారిగా ఎగసే కరెంటుని, అంటే సర్జ్‌ని, అడ్డుకోవడానికి ప్లగ్‌కి సర్జ్ ప్రొటెక్టర్ పెట్టి ధీమాగా ఉన్నాను. కానీ ముందు చచ్చిన పోర్టుని బట్టి చూస్తే, సర్జ్ వచ్చింది ప్లగ్ నుంచి కాదు, గోడ బయట పాతిక మీటర్లు వేలాడదీసిన మేడ మీది రాగి కేబుల్ నుంచి. పైగా మా పాత ఇంటి ఎర్తింగ్ గుంత ఎండాకాలం ఎండిపోయి ఉంటుంది. ఎర్త్ సరిగా లేకపోతే ప్రొటెక్టర్ ఉన్నా పెద్దగా లాభం లేదు. ఇప్పుడు గుంతలో వారానికోసారి నీళ్లు పోస్తున్నాం. మేడకి రాగి తీసేసి, లోహం లేని ఫైబర్ వైరు లాగి, రెండు కొసల్లో ఫైబర్‌ని మామూలు నెట్ కేబుల్‌కి కలిపే మీడియా కన్వర్టర్లు పెట్టించాను. ఏడాదైంది, నాలుగో పోర్టు మీదే 290 వస్తోంది. నాలుగు నక్షత్రాలు ఇస్తాను, ఒకటి ఆ వారంటీకి కోత.