డేటా స్ట్రక్చర్స్ బిట్ బ్యాంక్ కొంటున్నారా? ట్రీస్ చాప్టర్ కీ చూశాకే డబ్బులివ్వండి

ఈసెట్‌కో గేట్‌కో ప్రిపేరవుతూ కంప్యూటర్ సైన్స్ బిట్ బ్యాంక్ కొనబోయేవాళ్లు ఇది చదివి వెళ్లండి. విజయవాడ ఏలూరు రోడ్డులో మా చెల్లికి ఈసెట్ కోసం ఒకటి కొన్నాను. అట్ట మీద కొత్త ఎడిషన్ అని పెద్దక్షరాలతో ఉంది, పేపరూ ప్రింటూ బాగానే ఉన్నాయి. తప్పంతా బైనరీ సెర్చ్ ట్రీ ట్రావర్సల్ బిట్లకు ఇచ్చిన కీలో ఉంది. ఇన్-ఆర్డర్ ఉండాల్సిన చోట ప్రీ-ఆర్డర్, ప్రీ-ఆర్డర్ ఉండాల్సిన చోట ఇన్-ఆర్డర్ ఉన్న ఆప్షన్‌నే సరైన జవాబుగా వేశారు. ఒక్క బిట్‌లో అయితే అచ్చుతప్పు అనుకుని వదిలేసేదాన్ని. ఆ రెండూ కలిపి అడిగిన బిట్లన్నీ ఇలాగే ఉన్నాయి.

ఆ రకం బిట్ ఇలా ఉంటుంది. ఖాళీ ట్రీలో 40, 25, 60, 10, 30, 50, 75 ఇదే వరుసలో చేరిస్తే ఇన్-ఆర్డర్, ప్రీ-ఆర్డర్ వరుసగా ఏవి? నాలుగు ఆప్షన్లలో పోటీ పడేవి ఈ రెండే:

```
A) 10 25 30 40 50 60 75 ; 40 25 10 30 60 50 75
C) 40 25 10 30 60 50 75 ; 10 25 30 40 50 60 75
```

కీలో C అని ఉంటుంది. కాగితం మీద గీసి చూడండి. మొదట వచ్చిన 40 రూటు. 25 చిన్నది కాబట్టి ఎడమకు, 60 పెద్దది కాబట్టి కుడికి. 25 కింద 10, 30; 60 కింద 50, 75. ఇన్-ఆర్డర్‌లో ముందు ఎడమ భాగమంతా, తర్వాత రూటు, తర్వాత కుడి భాగం చదువుతాం. బైనరీ సెర్చ్ ట్రీలో ఎడమన అన్నీ చిన్నవి, కుడిన అన్నీ పెద్దవి కాబట్టి అది ఎప్పుడూ చిన్న సంఖ్య నుంచి పెద్ద సంఖ్యకు వరుసగానే వస్తుంది. ప్రీ-ఆర్డర్‌లో రూటే ముందు కాబట్టి మొదట 40 రావాలి. అంటే సరైన జవాబు A. ప్రోగ్రాంలో కూడా తేడా ఒక్క లైనే:

```c
void inorder(struct node *t) {
    if (t == NULL) return;
    inorder(t->left);
    printf("%d ", t->key);
    inorder(t->right);
}
```

ఆ `printf` లైను మొదటి రికర్సివ్ కాల్ కంటే పైకి జరిపితే అదే ప్రీ-ఆర్డర్.

ఇలా ఎందుకైందో పాత పుస్తకాల షాపులో అదే పుస్తకం పాత కాపీ దొరికాక అర్థమైంది. అందులో ప్రశ్న "ప్రీ-ఆర్డర్, ఇన్-ఆర్డర్ వరుసగా" అని ఉంది, దానికి C సరైనదే. కొత్త ఎడిషన్‌లో ప్రశ్నలో మాటల వరుస మార్చి, కీని మాత్రం ముట్టుకోలేదు.

నాకు కోపం వచ్చింది మాత్రం చెల్లి నోట్సు చూశాక. తను ముందు A అనే పెట్టింది. కీలో C చూసి టెన్షన్ పడి, తను నేర్చుకున్నదే తప్పనుకుని, నోట్సులో "ఇన్-ఆర్డర్: రూటు ముందు" అని దిద్దేసుకుంది. పక్క బిట్ ఆ ట్రీ ఎత్తు అడుగుతుంది. C ని నమ్మి 10 25 30 40 50 60 75 ని ప్రీ-ఆర్డర్ అనుకుని ట్రీ కడితే 10 రూటవుతుంది, మిగతావన్నీ కుడికే వేలాడతాయి, ఎత్తు 6 అంచులు వస్తుంది. అసలు ఎత్తు 2. గేట్‌లో అయితే ఒక మార్కు మల్టిపుల్ ఛాయిస్ ప్రశ్న తప్పితే మూడో వంతు మార్కు కూడా పోతుంది.

షాపులోనే చూసుకునే పద్ధతి ఉంది. ట్రీస్ చాప్టర్ తెరిచి, రెండు ట్రావర్సల్స్ కలిపి అడిగిన బిట్ పట్టుకోండి. కీ చెప్పిన ఆప్షన్‌లో ఇన్-ఆర్డర్ అన్న భాగం చిన్న నుంచి పెద్దకు వరుసగా లేకపోతే ఆ కీ తప్పు. ప్రశ్నలో "సెర్చ్" అన్న మాట ఉందో లేదో మాత్రం చూడండి, మామూలు బైనరీ ట్రీకి ఈ లెక్క వర్తించదు. 10, 20, 30 లాగా పెరిగే వరుసలో చేర్చిన ట్రీతో కూడా పరీక్షించకండి. అందులో ప్రతి నోడూ కుడికే పోతుంది కాబట్టి ఇన్-ఆర్డర్, ప్రీ-ఆర్డర్ రెండూ ఒకటే, తారుమారైనా దొరకదు.

షాపాయన "అమ్మేవరకే మా పనమ్మా, లోపల ఏముందో మాకేం తెలుస్తుంది, పెన్ను పెట్టాక వాపసు తీసుకోం" అన్నాడు. పుస్తకం మీద ఉన్న నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే ప్రింటులో సరిచేస్తామన్నారు. ఇప్పటికే కొన్నవాళ్లకు తప్పుల పట్టీ ఇవ్వండి అంటే జవాబు లేదు. కాబట్టి ఇప్పటికే కొన్నవాళ్లు ఆ చాప్టర్‌లో "వరుసగా" అని ఉన్న ప్రతి ట్రావర్సల్ బిట్‌నూ చేత్తో గీసి చూసుకుని కీ మీద పెన్నుతో దిద్దుకోండి. ఒక్క పోస్ట్-ఆర్డర్ మాత్రమే అడిగిన బిట్లకు నేను చూసినంతవరకు కీ సరిగ్గానే ఉంది. పై ట్రీకి 10 30 25 50 75 60 40 రావాలి.